మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి 43 నిమిషాలా, 38 నిమిషాలా? హిస్టోగ్రామ్‌లో తోకను చదివే పద్ధతి

మా పిన్ని కొడుకు మెహదీపట్నంలో రూమ్ తీసుకుని గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరాడు. చేరే ముందు, "అక్కా, పొద్దున స్కూటీ మీద ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు. నేను అదే దారిలో రోజూ వెళ్తాను. పైగా 40 పనిదినాల పాటు ఇంటి దగ్గర బయల్దేరిన టైమ్, ఆఫీసు గేటు చేరిన టైమ్ డైరీలో రాసుకున్నాను. ఆ 40 అంకెలు కూడి 40తో భాగిస్తే 43 వచ్చింది, అదే చెప్పాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి, "నువ్వు చెప్పినంత పట్టడం లేదక్కా, చాలా రోజులు 40 లోపే చేరిపోతున్నా" అన్నాడు.

కూడికలో తప్పు లేదు, భాగహారంలోనూ లేదు. వాడు చెప్పిందీ నిజమే. 43 అనే సగటు నా 40 రోజుల్లో ఎక్కువ రోజులకు సరిపోని అంకె. ఎందుకు సరిపోలేదో ఆ అంకెల హిస్టోగ్రామ్ గీసి ఉంటే ముందే కనిపించేది. అందుకే ఆ 40 రోజుల లెక్కనే పట్టుకుని, హిస్టోగ్రామ్‌లో తోకను ఎలా చదవాలో, దాన్ని బట్టి సగటుకూ మధ్యగతానికీ ఉన్న తేడాను ఎలా అర్థం చేసుకోవాలో ఒక్కో అడుగుగా రాస్తున్నాను. హిస్టోగ్రామ్‌ను తెలుగు మీడియం పుస్తకాల్లో సోపాన చిత్రం అంటారు. ఆ తోక ఒక వైపుకే సాగి ఉండటాన్ని స్క్యూ అంటారు. నేను మాత్రం మామూలుగా వాడే మాటల్లోనే చెబుతాను.

మొదటి అడుగు: అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చండి

డైరీలో అంకెలు తేదీల వరుసలో ఉంటాయి. వాటిని పరిమాణం వరుసలోకి మార్చాలి. నా 40 రోజులు, నిమిషాల్లో:

```
27 28 29
30 31 31 32 32 33 33 34 34
35 35 36 36 36 37 37 38 38 39
40 41 41 42 43 44 45 46 47 49
51 53 56 58
62 71 88 107
```

పేర్చగానే మధ్యగతం చేతికి వచ్చేస్తుంది. 40 అంకెలు కాబట్టి నడిమిన రెండు ఉంటాయి, 20వదీ 21వదీ. రెండూ 38. కాబట్టి మధ్యగతం 38 నిమిషాలు. మొత్తం కూడితే 1725, దాన్ని 40తో భాగిస్తే సగటు 43.125. రెండింటికీ మధ్య 5 నిమిషాల పైచిలుకు తేడా ఉంది.

సగటు కంటే ఎక్కువ పట్టిన రోజులు ఎన్నో ఈ వరుసలోనే లెక్కపెట్టండి. 44తో మొదలుపెడితే 13 రోజులే. మిగతా 27 రోజులూ సగటు కంటే ముందే చేరాను. "సగటున 43" అని వినగానే ఎవరైనా సగం రోజులు అంతకంటే తక్కువ, సగం రోజులు ఎక్కువ అనుకుంటారు. ఆ అర్థం ఇచ్చేది మధ్యగతం మాత్రమే, సగటు ఆ మాట ఎప్పుడూ ఇవ్వలేదు.

రెండో అడుగు: తరగతి వెడల్పు జాగ్రత్తగా ఎంచుకోండి

హిస్టోగ్రామ్ అంటే అంకెల రేఖను సమాన తరగతులుగా కోసి, ఒక్కో తరగతిలో ఎన్ని పడ్డాయో అంత ఎత్తు దిమ్మె నిలబెట్టడం. హద్దు మీద పడ్డ అంకెను పై తరగతిలో వేయండి, 40 వస్తే 40ల దిమ్మెలోకి. రెండు చోట్లా వేయకూడదు. 10 నిమిషాల వెడల్పుతో నా అంకెలు ఇలా వచ్చాయి:

```
 20-29  ███                   3
 30-39  ███████████████████  19
 40-49  ██████████           10
 50-59  ████                  4
 60-69  █                     1
 70-79  █                     1
 80-89  █                     1
 90-99                        0
100-109 █                     1
```

ఇక్కడ దిమ్మెలు అడ్డంగా పడుకుని ఉన్నాయి. మీ కాగితం మీద నిలువుగా గీస్తే కింద ఉన్నవి కుడివైపుకి వస్తాయి. 30లలో ఒక పెద్ద గుట్ట, దానికి ఎడమవైపు వెంటనే తెగిపోయిన అంచు, కుడివైపు 107 దాకా సన్నగా సాగిన తోక.

ఇవే అంకెలను 30 నిమిషాల వెడల్పుతో గీయండి. 0-29లో 3, 30-59లో 33, 60-89లో 3, 90-119లో 1 పడతాయి. నడుమ ఒక స్తంభం, అటూ ఇటూ మూడేసి. చివరన ఉన్న ఆ ఒక్కటీ పట్టించుకోకపోతే బొమ్మ రెండు వైపులా సమానంగా ఉన్నట్టే అనిపిస్తుంది. తోక మొత్తం వెడల్పాటి దిమ్మెల్లో మునిగిపోయింది. ఈ బొమ్మ చూసిన మనిషి సగటు, మధ్యగతం ఒకటే అయి ఉంటాయని నమ్మేస్తాడు. అటు 1 నిమిషం వెడల్పుతో గీస్తే దువ్వెన పళ్లలా ఒకటీ రెండూ మూడూ ఎత్తులు పక్కపక్కనే లేస్తాయి. ఆకారమే కనిపించదు.

ఇన్ని అంకెలకు ఇంత వెడల్పు అని చెప్పే సూత్రాలు ఉన్నాయి. అయినా 40, 50 అంకెల దగ్గర నాకు నమ్మకమైన పద్ధతి, కనీసం రెండు వెడల్పులతో గీసి చూడటమే. 5 నిమిషాలతో గీసినా, 10తో గీసినా తోక కుడివైపే కనిపిస్తే అది అంకెల్లో ఉన్న తోకే. ఒక వెడల్పులో కనిపించి ఇంకోదాంట్లో మాయమైతే ఇంకా ఏమీ తేల్చకండి. గూగుల్ షీట్స్‌లో అయితే `Insert`, `Chart` నొక్కి, `Histogram chart` ఎంచుకుంటే షీట్ తానే ఏదో ఒక వెడల్పు పెట్టేస్తుంది. దాన్ని అలాగే వదిలేయకుండా `Customize` కింద `Bucket size` మార్చి మార్చి చూడండి.

మూడో అడుగు: గుట్టను కాదు, తోకను చూసి పేరు పెట్టండి

ఎక్కువ మంది ఇక్కడే తడబడతారు. బొమ్మలో గుట్ట ఎడమవైపు ఉంది కదా అని "ఎడమ స్క్యూ" అనేస్తారు. స్క్యూ పేరు ఎప్పుడూ తోక వైపు నుంచి వస్తుంది. తోక కుడికి సాగితే కుడి స్క్యూ, దాన్నే ధనాత్మకం అంటారు. ఎడమకు సాగితే ఎడమ స్క్యూ, అంటే రుణాత్మకం. వేలు పెట్టి గుట్ట కొస నుంచి రెండు వైపులా నేలదాకా జారి చూడండి. ఏ వైపు జారుడు పొడవో ఆ వైపు పేరే పెట్టాలి.

పేరు పెట్టాక, తోక అటే ఎందుకు ఉందో ఒక్క నిమిషం ఆలోచించండి. నా ప్రయాణానికి కింద ఒక నేల ఉంది. రేతిబౌలి, టోలీచౌకి, షేక్‌పేట, రాయదుర్గం దాటుకుంటూ వెళ్లాలి. రోడ్డు పూర్తిగా ఖాళీగా ఉన్నా స్కూటీ మీద 25 నిమిషాల కంటే తక్కువలో చేరడం నా వల్ల కాదు. పైన మాత్రం కప్పు లేదు. వాన పడి టోలీచౌకిలో నీళ్లు నిలిస్తే గంట, ఒక లారీ అడ్డంగా ఆగిపోతే గంటన్నర. కింద నేల ఉండి పైన కప్పు లేని కొలతలు చాలావరకు కుడికే సాగుతాయి. ఇంటి అద్దెలు, జీతాలు, ఆసుపత్రిలో ఎదురుచూసే సమయం అన్నీ ఈ కోవలోవే.

కప్పు ఉండి, జనం ఆ కప్పు దగ్గరే గుమిగూడితే తోక ఎడమకు తిరుగుతుంది. 75 మార్కుల ఇంటర్ గణితం పేపర్ అనుకోండి. బాగా చదివే సెక్షన్‌లో ఎక్కువ మంది 65కీ 75కీ మధ్య చేరతారు. 75 దాటి పోవడానికి ఎవరికీ దారి లేదు, కిందికి జారడానికి మాత్రం 20, 15 దాకా చోటు ఉంది. అక్కడ సగటు సాధారణంగా మధ్యగతం కంటే కింద పడుతుంది. "సెక్షన్ సగటు కంటే మా అమ్మాయికి ఎక్కువే వచ్చాయి" అని ఒక తల్లి సంతోషపడితే, అదే సెక్షన్‌లో సగం కంటే ఎక్కువ మంది తల్లులు అదే మాట అనగలరు.

నేల, కప్పు ఎక్కడున్నాయో తెలిస్తే బొమ్మ గీయకముందే తోక ఎటు ఉంటుందో ఊహించవచ్చు. ఊహకు విరుద్ధంగా బొమ్మ వస్తే అంకెల్లో ఏదో ఉందని అర్థం.

నాలుగో అడుగు: బొమ్మ మీదే రెండింటినీ గుర్తించండి

చాలాసార్లు మన చేతిలో అసలు అంకెలు ఉండవు, ఎవరో గీసిన హిస్టోగ్రామ్ మాత్రమే ఉంటుంది. అప్పుడు కూడా సగటునూ మధ్యగతాన్నీ దగ్గరదగ్గరగా అంచనా వేయవచ్చు.

మధ్యగతం కోసం దిమ్మెల్లోని రోజుల్ని ఎడమ నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లి సగం దగ్గర ఆగాలి. 40లో సగం 20. మొదటి దిమ్మెలో 3 అయిపోయాయి, ఇంకా 17 కావాలి. రెండో దిమ్మెలో 19 ఉన్నాయి. కాబట్టి 30 నుంచి మొదలుపెట్టి 10 నిమిషాల వెడల్పులో పంతొమ్మిదింట పదిహేడు వంతుల దూరం వెళ్లాలి. దాదాపు 39 దగ్గర ఆగుతాం. అసలు మధ్యగతం 38, అంచనా ఒక నిమిషం లోపే తప్పింది.

సగటు కోసం కావడిని తలచుకోండి. హిస్టోగ్రామ్ అడుగు గీత కావడి బద్ద అనుకుంటే, దిమ్మెలన్నీ దాని మీద వేలాడే బరువులు. బద్ద ఎటూ వాలకుండా భుజం ఎక్కడ పెట్టాలో అదే సగటు. కావడి మోసేవాళ్లకు తెలుసు, భుజానికి దగ్గరున్న పెద్ద బరువు కంటే కొసన ఉన్న చిన్న బరువే ఒక్కోసారి ఎక్కువ లాగుతుంది. 107 దగ్గర వేలాడేది ఒక్క రోజే, కానీ అది బద్ద కొసన ఉంది. దానికోసం భుజం కుడికి జరగాల్సిందే. మధ్యగతానికి ఈ దూరాలతో పని లేదు, అటు ఎన్ని రోజులు ఇటు ఎన్ని రోజులు అని మాత్రమే అది చూస్తుంది. ఆ 107ను 147 చేయండి. సగటు సరిగ్గా ఒక నిమిషం పెరిగి 44.125 అవుతుంది, మధ్యగతం 38 దగ్గరే ఉంటుంది.

లెక్కగా చేయాలంటే ఒక్కో దిమ్మె నడిమి విలువను దాని ఎత్తుతో గుణించి కూడాలి. 25ను 3తో, 35ను 19తో, 45ను 10తో, 55ను 4తో గుణించి, దానికి 65, 75, 85, 105 కలిపితే 1740. 40తో భాగిస్తే 43.5. అసలు సగటుకు చాలా దగ్గర.

ఇక్కడ ఒక్క అడ్డంకి ఉంది. చాలా రిపోర్టుల్లో చివరి తరగతిని "60, ఆపైన" అని తెరిచి వదిలేస్తారు. నా బొమ్మను అలా గీస్తే ఎత్తులు 3, 19, 10, 4, 4 అవుతాయి. నాలుగు రోజులు ఒకే దిమ్మెలోకి పోగై, 107 దాకా సాగిన తోక 60 దగ్గర తెగినట్టు కనిపిస్తుంది. అలాంటి బొమ్మ నుంచి మధ్యగతం నిశ్చింతగా తీయవచ్చు, ఎందుకంటే సగం దగ్గర ఆగడానికి చివరి దిమ్మెలో ఏముందో తెలియాల్సిన పని లేదు. సగటు మాత్రం తీయలేం. ఆ నాలుగూ 62లా, 107లా అన్నది దాంట్లో లేదు. చివరి తరగతి తెరిచి ఉందా అని గీతల కింద రాసిన అంకెలు చూశాకే దిమ్మెల్ని చూడటం నాకు అలవాటు.

తరగతుల వెడల్పులు సమానంగా లేకపోతే ఎత్తును నమ్మకండి, వైశాల్యం చూడండి. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఐదో అడుగు: మధ్యగతం దగ్గర నిలబడి రెండు వైపులా కొలవండి

"కుడి స్క్యూ ఉంటే సగటు మధ్యగతం కంటే ఎక్కువ" అని చాలామంది బట్టీ పడతారు. ఎందుకో తెలియకుండా పట్టుకుంటే అది తప్పే చోట మోసపోతాం. కారణం ఒక చిన్న కూడికలో ఉంది, చేసి చూపిస్తాను.

38 దగ్గర నిలబడండి. 38 కంటే ముందే చేరిన ప్రతి రోజూ ఎన్ని నిమిషాలు తగ్గాయో కూడండి. 27 నిమిషాల రోజున 11 తగ్గాయి, 28 నిమిషాల రోజున 10, అలా 37 నిమిషాల రోజుల దాకా. మొత్తం 96 నిమిషాలు. ఇప్పుడు 38 దాటిన రోజుల్లో అదనంగా పోయినవి కూడండి. 39 రోజున 1, 40 రోజున 2, అలా వెళ్లి 88 రోజున 50, 107 రోజున 69. మొత్తం 301 నిమిషాలు.

రోజుల సంఖ్య రెండు వైపులా సమానం. నిమిషాలు మాత్రం 96, 301. తేడా 205. దాన్ని 40 రోజులకు పంచితే 5.125. మధ్యగతం 38కి అది కలపండి, 43.125 వచ్చింది. సరిగ్గా సగటు.

ఇది ఈ 40 అంకెలకే కాదు, ఏ అంకెలకైనా ఇలాగే వస్తుంది. సగటులోంచి మధ్యగతం తీసేస్తే మిగిలేది, కుడివైపు మొత్తం మిగులులోంచి ఎడమవైపు మొత్తం లోటు తీసేసి తలా పంచినంత. కాబట్టి సగటు ఎటు జరుగుతుందో తేల్చేది తోక పొడవు ఒక్కటే కాదు. ఆ వైపు ఎన్ని అంకెలు, ఒక్కోటీ ఎంత దూరంలో ఉన్నాయి అన్న మొత్తం.

నా లెక్కలో ఆ 301లో 119 నిమిషాలు కేవలం రెండు రోజులవి, 88దీ 107దీ. మరి ఆ రెండు రోజుల వల్లే ఇదంతా జరిగిందా అని చూడాలి. ఆ రెండూ పక్కన పెట్టి మళ్లీ లెక్కకట్టాను. 38 రోజులు మిగిలాయి, సగటు 40.3కి దిగింది, మధ్యగతం 37.5 అయింది. తేడా 5 నుంచి 3 లోపుకి తగ్గింది కానీ పోలేదు. అంటే తోక రెండు విపరీతమైన రోజుల వల్ల మాత్రమే రాలేదు, 45 నుంచి 71 దాకా నెమ్మదిగా పలచబడుతున్న రోజులన్నీ దానిలో భాగమే. రెండూ తీసేయగానే సగటు, మధ్యగతం కలిసిపోయి ఉంటే నేను దాన్ని స్క్యూ అనేదాన్ని కాదు, రెండు బేసి రోజులు అనేదాన్ని. ఈ పరీక్ష రెండు నిమిషాల పని, ప్రతిసారీ చేయండి.

ఆరో అడుగు: నియమం తప్పే చోటు

హిస్టోగ్రామ్ అన్న మాటను 1890లలో వాడుకలోకి తెచ్చిన కార్ల్ పియర్సనే, సగటుకూ మధ్యగతానికీ ఉన్న తేడాతో స్క్యూను కొలిచే సూత్రం కూడా ఇచ్చాడు. తేడాను మూడుతో గుణించి, అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనంతో భాగించడం. అక్కడి నుంచి "తోక ఎటో సగటు అటు" అన్నది పాఠ్యపుస్తకాల్లో నియమంలా స్థిరపడింది. 2005లో పాల్ వాన్ హిప్పెల్ అనే పరిశోధకుడు ఈ నియమం చాలాచోట్ల తప్పుతుందని ఒక వ్యాసంలో చూపించాడు. అతను తీసుకున్న ఉదాహరణ అమెరికా ఇళ్లలో పెద్దవాళ్ల సంఖ్య. అలాంటిదే మన అపార్ట్‌మెంట్‌కు అన్వయించి, లెక్క కోసం నేను కల్పించిన అంకెలతో చూపిస్తాను.

50 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకోండి. ఒక్కో ఫ్లాట్‌లో పెద్దవాళ్లు ఎంతమంది అని అడిగితే: ఒక్కరే ఉన్నవి 14, ఇద్దరున్నవి 31, ముగ్గురున్నవి 3, నలుగురున్నది 1, అయిదుగురున్నది 1. గీస్తే 2 దగ్గర పెద్ద గుట్ట, కుడివైపు 5 దాకా సన్నటి తోక. ఎవరు చూసినా కుడి స్క్యూ అంటారు. షీట్‌లో స్క్యూ లెక్కకట్టే `SKEW` ఫంక్షన్ కూడా ధనాత్మకమే ఇస్తుంది. నియమం ప్రకారం సగటు మధ్యగతం కంటే ఎక్కువ ఉండాలి. మధ్యగతం 2. మొత్తం పెద్దవాళ్లు 94 మంది, 50తో భాగిస్తే సగటు 1.88. తక్కువ వచ్చింది!

అయిదో అడుగులో చేసిన కూడిక మళ్లీ చేస్తే కారణం తెలుస్తుంది. 2 దగ్గర నిలబడితే ఎడమవైపు 14 ఫ్లాట్లకు ఒక్కొక్కరు లోటు, మొత్తం 14. కుడివైపు ముగ్గురున్న మూడు ఫ్లాట్లలో 3, నలుగురున్న దాంట్లో 2, అయిదుగురున్న దాంట్లో 3, మొత్తం మిగులు 8. లోటే ఎక్కువ, కాబట్టి సగటు ఎడమకు జరిగింది. తోక పొడవే కానీ దానిలో బరువు లేదు. `SKEW` మాత్రం సగటు నుంచి దూరాలను ఘనం చేసి కూడుతుంది. ఘనం చేస్తే అయిదుగురున్న ఒక్క ఫ్లాట్ దూరం 30కి పైగా అవుతుంది, ఒక్కరే ఉన్న ఫ్లాట్ ఒక్కోటి ఒకటి కంటే తక్కువే. దూరపు అంకెలకు అంత మొగ్గు ఇచ్చే కొలత ఒకటి చెబుతుంది, మామూలు కూడికతో నడిచే సగటు ఇంకొకటి చెబుతుంది. రెండూ సరైనవే, కొలిచేవి వేరు.

ఈ చిక్కు ఎక్కడ వస్తుందో గుర్తుపట్టడం కష్టం కాదు. పిల్లల సంఖ్య, గదుల సంఖ్య, ఇంట్లో బండ్ల సంఖ్య లాంటి చిన్న పూర్ణాంకాలు, వాటిలో ఒకే అంకె మీద సగానికి పైగా జనం కూర్చున్నప్పుడు అనుమానించండి. మధ్యగతం ఆ పెద్ద దిమ్మె మీద కదలకుండా కూర్చుంటుంది, సగటు దాని అటూ ఇటూ ఎటైనా పడవచ్చు. నిమిషాలు, రూపాయల్లా ఎడతెగకుండా సాగే కొలతల్లో, గుట్ట ఒక్కటే ఉన్నప్పుడు, నియమం చాలావరకు నిలబడుతుంది. అయినా అది అంచనాయే. షీట్ ముందుంటే ఈ మూడూ పక్కపక్కన రాయించి చూడటానికి అర నిమిషం పట్టదు:

```
=AVERAGE(A2:A41)
=MEDIAN(A2:A41)
=SKEW(A2:A41)
```

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. సగటు మధ్యగతం కంటే ఎక్కువ అని రెండు అంకెలు మాత్రమే ఎవరైనా చెబితే, "అయితే కుడి స్క్యూ" అని రాసేయకండి. బొమ్మ అడగండి.

ఏడో అడుగు: తోకలో ఉన్నవి నిజమైనవేనా?

38 అని రాయాల్సిన చోట ఒకసారి 380 కొట్టారనుకోండి. సగటు 43 నుంచి దాదాపు 52కి ఎగురుతుంది, మధ్యగతం 38.5 అవుతుంది, అంతే. బొమ్మలో అయితే 107 తర్వాత చాలా ఖాళీ, ఆ ఖాళీ చివరన ఒంటరి దిమ్మె. నిజమైన తోక సాధారణంగా పలచబడుతూ వెళ్తుంది, తప్పుడు అంకె తెగిన ముక్కలా దూరంగా పడి ఉంటుంది. అయితే ఖాళీ కనిపించినంత మాత్రాన అది తప్పు అని తీర్పు ఇవ్వలేం. నా బొమ్మలోనూ 90లు ఖాళీగా ఉన్నాయి. డైరీ తిరగేస్తే 107 పక్కన "వాన, టోలీచౌకి దగ్గర ఆగిపోయాం" అని ఉంది. అది నిజంగా జరిగిన రోజు, కాబట్టి లెక్కలో ఉంటుంది. సగటు పెరిగిపోతోందని నిజమైన అంకెను తీసేయడం నాకు అస్సలు ఒప్పుకోబుద్ధి కాదు. తీసేసి లెక్కకట్టి పక్కన చూపించండి, నేనూ అదే చేశాను, కానీ అసలు లెక్కలోంచి చెరిపేయకండి.

గుట్టలు రెండు కనిపిస్తే సగటు, మధ్యగతం పోల్చడం ఆపేయండి. స్కూటీ మీద వెళ్లిన రోజులూ బస్సులో వెళ్లిన రోజులూ కలిపి గీస్తే 38 దగ్గర ఒక గుట్ట, గంట దగ్గర ఇంకో గుట్ట రావచ్చు. అప్పుడు సగటు రెండు గుట్టల నడిమి లోయలో, ఏ రోజూ జరగని చోట పడుతుంది. రెండు రకాలను విడదీసి రెండు హిస్టోగ్రామ్‌లు గీస్తే తప్ప ఆ అంకెలకు అర్థం రాదు.

ఇక అంకెలు తక్కువైతే తోకే దొరకదు. మా తమ్ముడి విషయంలో జరిగింది ఇదే. నా 40 రోజుల్లో గంట దాటినవి నాలుగే. ఆ 40లోంచి ఏవో 10 రోజులు గుడ్డిగా తీస్తే, గంట దాటిన రోజు ఒక్కటి కూడా రాకుండా ఉండే అవకాశం దాదాపు 30 శాతం. వాడికి అప్పటికి రెండు వారాల అనుభవమే, అంటే సుమారు 10 పనిదినాలు. పది అంకెల హిస్టోగ్రామ్ చూసి "స్క్యూ లేదు" అనడానికి వీల్లేదు. 30, 40 దాకా పోగయ్యాక తోక గురించి మాట్లాడితే మేలు.

ఎనిమిదో అడుగు: ప్రశ్నను బట్టి అంకెను ఎంచుకోండి

స్క్యూ ఉంటే సగటు వదిలేసి మధ్యగతం వాడాలి అని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

మామూలు రోజున ఎంతసేపు పడుతుందన్నది ప్రశ్న అయితే 38 చెప్పాలి. సగం రోజులు అంతకంటే తక్కువ, సగం రోజులు ఎక్కువ.

నెలకు రోడ్డు మీద ఎన్ని గంటలు పోతాయన్నది ప్రశ్న అయితే సగటే కావాలి, ఎందుకంటే మొత్తాన్ని తిరిగి ఇవ్వగలిగేది సగటు ఒక్కటే. 22 పనిదినాలను 43.125తో గుణిస్తే దాదాపు 949 నిమిషాలు, అంటే 16 గంటలకు కాస్త తక్కువ. మధ్యగతంతో గుణిస్తే 836 నిమిషాలు, 14 గంటలకు కాస్త తక్కువ. దాదాపు రెండు గంటలు లెక్కలోంచి మాయమవుతాయి. అవి వాన రోజుల్లో నిజంగా తడుస్తూ గడిపిన గంటలే. అద్దె, జీతం, కరెంటు బిల్లు లాంటి వాటికీ ఇంతే. బడ్జెట్ మొత్తం వేయాలంటే సగటు, మామూలు ఇల్లు ఎలా ఉందో తెలియాలంటే మధ్యగతం.

తొమ్మిదిన్నర మీటింగ్‌కు ఎప్పుడు బయల్దేరాలన్న ప్రశ్నకు మాత్రం రెండూ పనికిరావు. 38 నమ్ముకుంటే సగం రోజులు ఆలస్యం. 43 నమ్ముకున్నా 40లో 13 రోజులు ఆలస్యమే. అక్కడ తోకలోకే వెళ్లాలి. పేర్చిన వరుసలో 36వ అంకె 58, అంటే పదింట తొమ్మిది రోజులు 58 నిమిషాల లోపు చేరాను.

తమ్ముడికి మళ్లీ ఫోన్ చేసి ఈసారి మూడు అంకెలూ చెప్పాను. మామూలుగా 38, నెల మొత్తానికి 16 గంటలు, మీటింగ్ ఉన్న రోజు ఒక గంట ముందు. "అయితే మీటింగ్ రోజు ఎనిమిదిన్నరకే బయల్దేరాలన్నమాట" అన్నాడు. అవును అన్నాను. వాడి అంకెలు కూడా రోజూ షీట్‌లో వేయమని చెప్పాను, 40 అయ్యాక ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తాం.